ఆలస్యం వేరు, పొడి జవాబు వేరు

నచ్చిన మనిషికి సరదాగా కవ్విస్తూ మెసేజ్ పెడితే అయిదు గంటల తర్వాత ‘హా’ అని వస్తుంది. ఇష్టం లేదేమోనని మనసు కుంగిపోతుంది. ఇక్కడ చాలామంది ఆలస్యాన్నీ, పొడి జవాబునూ ఒకే గాటన కట్టేస్తారు. నిజానికి రెండింటినీ విడివిడిగా చూడాలి, వాటిలో ఆలస్యం చెప్పేది చాలా తక్కువ.

వాట్సాప్‌లో నీలం టిక్కులు చూసి తీర్పు చెప్పేయడం వల్లే సగం తగాదాలు. రీడ్ రిసీట్స్ ఆపేసుకున్నవాళ్లు మెసేజ్ చదివినా టిక్కులు బూడిద రంగులోనే ఉంటాయి. నోటిఫికేషన్‌లోనే చదివేసి, చాట్ తెరవనివాళ్లూ ఉంటారు. ఆన్‌లైన్‌లో కనిపిస్తున్నారంటే ఇంకెవరికో అవసరమైన జవాబు ఇస్తూ ఉండొచ్చు. చూడాల్సిందల్లా ఆ మనిషి అలవాటు. పరిచయమైన కొత్తలోనూ సాయంత్రం దాకా పలకనివాళ్లు ఇప్పుడూ అలాగే ఉంటే అది వాళ్ల తీరు. మొదట్లో పది నిమిషాల్లో పలికి, ఇప్పుడు రెండు రోజులు పట్టి, పైగా జవాబులు కూడా కుదించుకుపోతే అది మార్పు. ఆ మార్పును మాత్రం పట్టించుకోవాలి.

జవాబు పొట్టిగా ఉండటానికి చాలాసార్లు మనం వేసిన ప్రశ్నే కారణం. ఒక సంభాషణ చూడండి. ‘ఏం చేస్తున్నావ్?’ – ‘పని.’ ‘తిన్నావా?’ – ‘హా.’ ‘ఇంకేంటి విశేషాలు?’ – ‘ఏం లేవు.’ అవతలివాళ్లు ముభావంగా ఉన్నారని అనిపిస్తుంది గానీ, ఆ మూడింటికీ ఒక్క మాటకు మించి చెప్పడానికి ఏముంది? ప్రశ్నలోనే ఎవరినైనా అడగదగ్గ మామూలుతనం ఉంది. తనను మాత్రమే అడిగిన మాట ఒక్కటీ లేదు.

అదే మనిషి పోయిన వారం ఈత నేర్చుకుంటున్నానని చెప్పిందనుకుందాం. అప్పుడు ‘ఇంకా గట్టు పట్టుకునే ఉన్నావా, వదిలే ధైర్యం వచ్చిందా?’ అని పంపితే చాలు. గుర్తుపెట్టుకున్నామని తెలుస్తుంది, కాస్త కవ్వింపూ ఉంటుంది. ఆరు గంటల తర్వాత ‘వదిలేశా. కానీ రెండు గుక్కలు తాగేశా’ అని వచ్చిందంటే ఆ ఆరు గంటలను మర్చిపోవచ్చు. అడిగింది ఒకటి, చెప్పింది రెండు. అడగకుండానే జోడించిన ఆ రెండో ముక్కే ఆసక్తికి ఆనవాలు. తిరిగి ప్రశ్న వేయడం, మీ పాత మాటను మళ్లీ ఎత్తడం, తనంతట తానే ముందు పలకరించడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. ఒట్టి ‘వదిలేశా’ అని ఆగితే అది మర్యాద కావచ్చు. ఒకసారికి ఏమీ తేల్చుకోకండి. అలాంటి మూడు నాలుగు ప్రయత్నాలకూ అదనపు ముక్క రాకపోతే అప్పుడు లెక్కలోకి తీసుకోండి.

ఈ దశలో ఎక్కువగా జరిగే పొరపాటు నిలదీయడం. ‘ఆన్‌లైన్‌లో ఉన్నావుగా, రిప్లై ఇవ్వవేం?’ అంటే వచ్చేది ‘సారీ, బిజీ’. ఆ తర్వాత మీ పేరు తెర మీద కనబడగానే బాకీ గుర్తొచ్చినట్టవుతుంది, జవాబు ఇంకా వెనక్కి పోతుంది. వాళ్లు ఒక్క వాక్యం రాస్తే మీరు రెండుకు మించి రాయకండి. పలుకు రాకపోతే కనీసం ఓ రోజు ఆగి కొత్త విషయంతో ఒకే ఒక్క మెసేజ్ పెట్టండి, పాత ఆలస్యం ఊసెత్తకండి. కావాలని లెక్కపెట్టి ఆలస్యంగా జవాబివ్వడం కూడా దండగే. ఆలస్యానికి ఆలస్యం తోడైతే వారానికి నాలుగు మాటలు మిగులుతాయి, చనువు చల్లారిపోతుంది.

అదనపు ముక్క వచ్చిందంటే చాట్‌ను సాగదీయకుండా కలుసుకునే మాట ఎత్తడం మేలు. టైప్ చేయడమంటే విసుగున్నవాళ్లు ఎదురుగా గలగలా మాట్లాడతారు. ‘రెండే గుక్కలంటే నమ్మను. ముఖం చూస్తే గానీ నిజం తేలదు. శనివారం సాయంత్రం ఓ గంట కాఫీకి కూర్చుందామా?’ రోజు, పూట, ఎంతసేపు అన్నీ అందులోనే ఉన్నాయి కాబట్టి ఒక్క మాటతో ఒప్పుకోవచ్చు, ఒక్క మాటతో కాదనొచ్చు. పొడిగా రాసేవాళ్లకు ఇది ఎంతో తేలిక.

‘శనివారం కుదరదు, ఆదివారం?’ అంటే ఆసక్తి ఉన్నట్టే. ‘చూద్దాం’ అని ఆగిపోయి వేరే రోజు చెప్పకపోతే, వారం పది రోజులాగి ఇంకొక్కసారి అడగొచ్చు. మళ్లీ అదే మాటయితే అది కాదనడమే, కాస్త మెత్తగా చెప్పారంతే. నేరుగా వద్దంటే ఆ రెండోసారి కూడా అడగకూడదు. అక్కడితో పంపడం ఆపేయండి. ‘ఇక నిన్ను ఇబ్బంది పెట్టను’ లాంటి వీడ్కోలు మెసేజ్ కూడా వద్దు, దానికీ ఏదో ఒకటి బదులివ్వాల్సిన బరువు వాళ్ల మీదే పడుతుంది. తర్వాతెప్పుడైనా వాళ్లే పలకరిస్తే మామూలుగా మాట్లాడండి, ఇన్నాళ్లూ ఏమైపోయావని అడగకండి.