మొదటి అత్త

నిన్న ప్రేమికుల రోజు. పెళ్లయి 22 ఏళ్లయినవాడికి దాంతో ఏం పని అనుకునే, పోయినేడు ఎవరో పంపిన గులాబీల కవితను మా ఆవిడకు తోసేశాను. పైన రెండు బాణాల గుర్తు, పక్కన "Forwarded many times" అన్న ముక్క నేను చూడలేదు. ఆవిడ చూసింది. "పొద్దున బ్యాంకు వాళ్లూ ఇదే పంపారండీ. వాళ్లయితే లోను కూడా ఇస్తామన్నారు" అంది.

అందుకని ఈసారి సొంతంగా రాశాను. చందమామ, ప్రాణం, ఏడు జన్మలు, ఏవీ లేకుండా రోజూ నా కళ్ల ముందు జరిగేదే. "మొదటి అట్టు పెనానికి అంటుకుని మాడిపోతుంది. 22 ఏళ్లుగా అది నువ్వే తినేసి, రెండోది నాకు పెడతావు. నేను చూడలేదనుకున్నావా?" అంతే. ఈ మూడు ముక్కలకు గంట పట్టింది.

ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వస్తుంది కదా, attu అని కొట్టాను. దానికి ట అయినా త అయినా ఒకటే t. కింద మూడు మాటలు చూపించి, నేను కళ్లజోడు సర్దుకునేలోగా మొదటిది అదే పెట్టేసుకుంది. అది చేసినవాళ్లు జన్మలో అట్టు తిని ఉండరు. అందరూ అత్తవారింట్లోనే ఉంటున్నట్టున్నారు.

పంపేశాను. శనివారం కదా, రాత్రి మా అమ్మకు పలహారం. మా ఆవిడ సగం ఉల్లిపాయను నూనెలో ముంచి పెనం రుద్దుతోంది. చేతులు ఖాళీ లేక, "అత్తయ్యా, ఏదో మెసేజ్ వచ్చింది, కాస్త చదవరూ" అంది.

మా అమ్మ పేపరు కూడా వీధి గుమ్మం దాకా వినిపించేలా చదువుతుంది.

"మొదటి అత్త పెనానికి అంటుకుని మాడిపోతుంది."

అక్కడ ఆగింది. పెనం మీద చుయ్‌మన్న చప్పుడు తప్ప ఇంట్లో ఇంకేం లేదు. నేను పక్క గదిలో మంచం మీద కూర్చుని లెక్కలు వేస్తున్నాను. కోడలికి రాసింది కాబట్టి అత్త అంటే మా అమ్మ. రాసింది అల్లుడు కాబట్టి మా అత్తగారు. ఎటు తిప్పినా పెద్దావిడే మాడుతోంది. ఆ తర్వాతి వాక్యం గుర్తొచ్చి లేచి పరుగెత్తాను గానీ అమ్మ ఈలోగా అందుకుంది.

"22 ఏళ్లుగా అది నువ్వే తినేసి..."

గుమ్మంలో నేను. అట్లకాడ పట్టుకుని మా ఆవిడ. నవ్వు ఆపుకోలేక ఆవిడ మొహం ఎర్రబడిపోయింది. ఆ చూపు కోసమే గంటసేపు రాశాను, కానీ ఇలా కాదు.

"అట్టమ్మా! అట్టు!" అన్నాను.

అమ్మ ఫోను కొంచెం దూరం పెట్టి, మిగతాది కూడా నిదానంగా చదివి, నా వంక చూసింది.

"సరేలే. రెండోది నీకు పెడుతుందని రాశావే, ఆ రెండో అత్త ఎవర్రా?"

అప్పటికి పెనం మీద అట్టు నిజంగానే మాడిపోయింది.