ప్రచార పోస్టు కింద పడ్డ ఫిర్యాదు: జవాబు చదివేది ఎవరు?

పోయినేడు బతుకమ్మకు వారం ముందు, హనుమకొండ చౌరస్తా దగ్గరి ఒక చీరల షాపు ఫేస్‌బుక్ పేజీలో పండగ ఆఫర్ పోస్టు పెట్టాం. ఆ షాపుతో పాటు మరో రెండు మూడు షాపుల పేజీలు నేనే చూసుకుంటాను. పోస్టు ఎక్కువ మందికి చేరాలని డబ్బు పెట్టి బూస్ట్ కూడా చేశాం. రెండో రోజు సాయంత్రం ఏడు దాటాక దాని కింద ఈ కామెంట్ కనిపించింది: "పోయిన వారం మీ దగ్గర తీసుకున్న చీర ఒక్క ఉతుకుకే రంగు దిగింది. రెండు రోజుల సంది ఫోన్ చేస్తున్న, ఎవ్వరు ఎత్తరు. ఆఫర్ అని చెప్పి పాత మాల్ అంటగడుతున్నరు."

అరగంటలో ఓనర్ ఫోన్ చేశారు. గొంతులో కోపం కంటే టెన్షన్ ఎక్కువగా ఉంది. ఇరవై రెండేళ్ల షాపు, పండగ సీజన్, పైగా డబ్బు పెట్టి నడుపుతున్న పోస్టు. ఆ కామెంట్ తీసేయమన్నారు. కుదరదంటే, "మా షాపు గురించి వరంగల్ మొత్తానికి తెలుసు, మీరు ఉతకడంలో తేడా చేసి ఉంటారు, బిల్లు ఉంటే చూపించండి" అని రాయమన్నారు. ఆ రెండు పనులూ ఎందుకు వద్దన్నానో చెప్పాలి. చిన్న షాపులకు నష్టం ఎక్కువగా జరిగేది సరిగ్గా ఈ అరగంటలోనే.

ఫేస్‌బుక్ పేజీలో కామెంట్‌ను దాచేస్తే అది అందరికీ కనిపించకుండా పోదు. రాసిన మనిషికి, ఆ మనిషి స్నేహితులకు కనిపిస్తూనే ఉంటుంది. హనుమకొండలాంటి ఊళ్లో ఆ స్నేహితులంటే అదే కాలనీ వాళ్లు, అదే ఆఫీసు వాళ్లు, రేపు అదే షాపు మెట్లెక్కేవాళ్లు. పూర్తిగా తీసేస్తే కామెంట్ మాయమైందని రాసిన మనిషికే తెలిసిపోతుంది. అప్పుడు స్క్రీన్‌షాట్‌తో కొత్త పోస్టు వస్తుంది, అది మన పేజీలో కాదు, వాళ్ల పేజీలో. అక్కడ మన జవాబుకు చోటుండదు. బూతులు, కులం పేరుతో తిట్లు, ఎవరిదైనా ఫోన్ నంబరు ఉంటే దాచాల్సిందే. చీర రంగు దిగిందన్న మాట ఆ కోవలోకి రాదు.

ఎదురు తిరిగి వాదించడం ఇంకో రకం నష్టం. కామెంట్లు సాధారణంగా వేసిన వరుసలో కాకుండా, ఎక్కువ స్పందన వచ్చినవి ముందు కనిపించేలా అమరి ఉంటాయి. మనం ఒక మాట, వాళ్లు ఒక మాట అనుకుంటూ పోతే ఆ ఫిర్యాదు పైకి ఎక్కుతుంది. బూస్ట్ చేసిన పోస్టు కాబట్టి మన షాపు పేరు ఎన్నడూ విననివాళ్ల ముందుకు కూడా ఆ గొడవతో సహా వెళ్తుంది. అంటే మన గొడవను ఊరందరికీ చూపించడానికి మనమే డబ్బు కడుతున్నాం.

అందుకే జవాబు రాసేటప్పుడు నా కళ్ల ముందు ఉండేది ఫిర్యాదు చేసిన ఆమె ఒక్కరే కాదు. కామెంట్ చదివి, ఏమీ రాయకుండా, షాపు వాళ్లు ఏమంటారో చూసే మనుషులు కూడా. తమ చీర రంగు దిగితే తమతో ఎలా మాట్లాడతారో వాళ్లు ఆ నాలుగు వాక్యాల్లో చూసుకుంటారు.

ఆ రాత్రి మేం ముందు కామెంట్‌ను విడదీశాం. అందులో మూడు మాటలున్నాయి. రంగు దిగింది: అది చీర చూస్తే తేలే విషయం. ఫోన్ ఎత్తలేదు: అది మేమే వెంటనే తెలుసుకోగల విషయం. పాత మాల్ అంటగడుతున్నారు: అది మన ఉద్దేశం మీద వేసిన నింద. మూడోదానికి జవాబు ఇవ్వకూడదన్నది నా గట్టి అభిప్రాయం. "మేం పాత మాల్ అమ్మం" అని రాస్తే "పాత మాల్" అన్న మాట మన నోటి నుంచి ఇంకోసారి వచ్చినట్టే. మొదటి రెండూ తేలితే మూడోది బలం లేకుండా పోతుంది.

ఫోన్ సంగతి చూస్తే తప్పు మాదే. పోస్టరు కింద ఉన్న నంబరు వేసవిలో మానేసి వెళ్లిన సేల్స్‌మన్ వాడిన సిమ్‌ది. ఆ సిమ్ కౌంటర్ డ్రాయర్‌లో ఒక పాత ఫోన్‌లో ఉంది, ఛార్జింగ్ లేదు. అంతకుముందు ఏడాది డిజైన్ మీదే కొత్త రేట్లు వేసి పోస్టరు చేశారు, నంబరు ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు. ఆమె కామెంట్ పెట్టకపోతే పండగ మొత్తం ఆ నంబరుతోనే డబ్బు ఖర్చు పెట్టేవాళ్లం.

ఎనిమిదిన్నరకు పెట్టిన జవాబు ఇది: "నమస్తే అండీ. మీ ఫోన్ ఎత్తకపోవడం మా తప్పే. పోస్టరులో మేం ఇప్పుడు వాడని నంబరు వేశాం. క్షమించండి, ఇప్పుడే మార్చాం. చీర రంగు గురించి చూడకుండా ఏమీ చెప్పలేం. రేపు ఉదయం పదకొండు నుంచి రాత్రి ఎనిమిది లోపు ఎప్పుడైనా చీర తీసుకుని రండి, కౌంటర్‌లో ఓనర్ గారే ఉంటారు. రాలేకపోతే ఫొటో మెసేజ్‌లో పంపండి. చూశాక ఏం చేశామో ఇక్కడే చెబుతాం."

ఇందులో ఒకే చోట క్షమాపణ ఉంది, అది కూడా తెలిసిన తప్పుకే. చాలామంది "రంగు పోయి ఉంటే క్షమించండి" అని రాస్తారు. ఆ "ఉంటే" చదివేవాళ్లకు వెంటనే గుచ్చుకుంటుంది, నీ మాట నమ్మడం లేదన్నట్టు వినిపిస్తుంది. అలాగని చీర చూడకముందే రంగు దిగిందని ఒప్పుకోవడమూ సరికాదు. తెలిసిన తప్పుకు షరతు లేకుండా క్షమాపణ, తెలియనిదానికి "చూసి చెబుతాం". ఈ రెండూ పక్కపక్కన ఉంటే చదివేవాళ్లకు రెండూ నిజాయితీగానే కనిపిస్తాయి. "కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అన్న మాట నేను ఎక్కడా వాడనివ్వను. కాజీపేట స్టేషన్‌లో రైలు లేటైన ప్రతిసారీ విని విని ఆ వాక్యంలో మనిషి ఉన్నట్టు ఎవరికీ అనిపించడం లేదు.

బిల్లు అన్న మాట కూడా కావాలనే వదిలేశాం. బహిరంగంగా "బిల్లు చూపించండి" అంటే నువ్వు అబద్ధం చెబుతున్నావన్నట్టే ఉంటుంది. ఆ వివరం మెసేజ్‌లో అడగొచ్చు. కామెంట్ పెట్టిన ఏడు రోజుల లోపు పేజీ తరఫున ఆ మనిషికి నేరుగా ఒక మెసేజ్ పంపే వీలుంది. ఫోన్ నంబరు, బిల్లు ఫొటో, చిరునామా అన్నీ అక్కడే. నిజానికి ఆమె దగ్గర బిల్లు లేదు. యూపీఐతో కట్టిన రోజు చెప్పారు, కౌంటర్ ఫోన్‌లో రూ.1,850 లావాదేవీ దొరికింది.

జవాబులో నేను అన్నిటికంటే ఎక్కువ పట్టుబట్టేది టైము, మనిషి. ఎవరు ఉంటారు, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా. ఇది రాశాక ఓనర్ మర్నాడు నిజంగా కౌంటర్‌లో ఉండాలి, షాపులో పనిచేసే పిల్లలందరికీ ఆ కామెంట్ సంగతి తెలియాలి. ఆమె వచ్చినప్పుడు ఎవరో ఒకరు "మాకేం తెల్వదు, సార్ లేడు" అన్నారంటే, పేజీలో ఎంత మర్యాదగా రాసినా అది ఒట్టి మాటే అవుతుంది. అంతకుముందు ఇంకో షాపు విషయంలో నాకు ఇది అనుభవమైంది. నేను చక్కగా రాశాను, కౌంటర్‌లో ఎవరికీ చెప్పలేదు. తిరిగి వెళ్లినాయన రెండో కామెంట్ మొదటిదానికంటే చాలా ఘాటుగా ఉంది, అందులో న్యాయం కూడా ఉంది.

మర్నాడు ఆమె చీర తెచ్చారు. గోధుమ రంగు చీర, ఎర్ర అంచు. ఎరుపు అంచు పొడవునా జానెడు మేర పాకింది. ముదురు రంగు కాటన్ చీరల్లో మొదటి ఉతుకుకు కొంచెం రంగు నీళ్లలోకి దిగడం మామూలే. పక్కనున్న లేత రంగు మీద మరక పడిందంటే మాత్రం అద్దకంలోనే లోపం ఉండే అవకాశం ఎక్కువ. ఓనర్ అదే లాట్‌లోని మరో చీర తీసి, తడి తెల్ల కర్చీఫ్‌తో అంచును పదిసార్లు రుద్దారు. కర్చీఫ్ ఎర్రబడింది. ఇంకో చీరకూ అంతే. ఆ లాట్‌లో మిగిలిన చీరలు అప్పుడే ర్యాక్ నుంచి దించి, హోల్‌సేలర్‌కు వెనక్కి పంపడానికి కట్టించారు.

షాపు గోడ మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న బోర్డు ఉంది. లోపం ఉన్న సరుకుకు ఆ బోర్డు అడ్డు రాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల లోపు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. ఆమె 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఉంటే మాట అక్కడి నుంచి మొదలయ్యేది. ఓనర్ వేరే చీర ఇస్తామన్నారు, ఆమె డబ్బే కావాలన్నారు, ఇచ్చేశారు.

ఆ సాయంత్రం ఆమె ఒప్పుకున్నాక రెండో జవాబు పెట్టాం: "చీర చూశాం. అద్దకంలో లోపం ఉంది. డబ్బు వాపసు ఇచ్చాం. ఆ లాట్ చీరలు అమ్మకం నుంచి తీసేశాం. ఎవరైనా ఈ నెలలో గోధుమ రంగు, ఎర్ర అంచు చీర తీసుకుని ఉంటే ఉతకకముందే ఒకసారి తీసుకురండి." కామెంట్ తీసేయమని ఆమెను అడగలేదు. అడగొద్దని ఓనర్‌కు ముందే చెప్పాను. డబ్బిచ్చి కామెంట్ తీయించారన్న అనుమానం చాలు, చేసిన మంచి పనంతా పోతుంది. షాపు పిల్లలు తమ అకౌంట్ల నుంచి "సూపర్ కలెక్షన్" అని కామెంట్లు పెట్టబోతే అదీ ఆపించాను. ఫిర్యాదు కింద ఉన్నట్టుండి పది పొగడ్తలు వస్తే ఎవరు పెట్టారో ఈ ఊళ్లో ఇట్టే పోల్చుకుంటారు.

ప్రతి ఫిర్యాదూ ఇలా తేలదు. అసలు మన షాపుకే రాని మనిషి, పోటీ షాపు తరఫు మనిషి కూడా రాయొచ్చు. అప్పుడూ మొదటి జవాబు ఇదే పద్ధతిలో ఉండాలి, ఎందుకంటే చదివేవాళ్లకు అతనెవరో తెలియదు. కొన్న రోజు చెప్పమని మెసేజ్‌లో అడుగుతాం. రెండు రోజులు చూసినా ఏమీ రాకపోతే, "వివరాల కోసం మెసేజ్ పంపాం, ఇంకా అందలేదు. ఎప్పుడు పంపినా చూస్తాం" అని ఒక్క వాక్యం రాసి ఆగిపోతాం. అతను మళ్లీ రెచ్చగొట్టినా కొత్త విషయం లేకుండా మూడో జవాబు ఉండదు. మూడోదానికి వచ్చామంటే వివరణ పోయి పంతం మొదలైనట్టే.

ఓనర్‌కూ నాకూ ఒక్క విషయంలో ఇప్పటికీ కుదరలేదు. "డబ్బు వాపసు ఇచ్చాం" అని బహిరంగంగా రాయడం ఆయనకు ఇష్టం లేదు. రేపటి నుంచి అందరూ ఏదో ఒకటి చెప్పి డబ్బు అడుగుతారని ఆయన భయం. రెండో జవాబు చూసి మరో ఇద్దరు అదే రకం చీరలు తెచ్చారు, రెండింటి అంచులూ తడి కర్చీఫ్‌కు రంగు వదిలాయి. ఆయన దాన్ని ఖర్చు కింద లెక్కేస్తున్నారు. నా లెక్కలో ఆ రెండు చీరలూ పండగ రోజు ఒంటి మీద ఉండగా చెమటకో వానకో రంగు దిగేవి.