డిటాక్స్ అంటే ఇదా?

బరంపురం నుంచి మా వదిన పర్లాకిమిడికి వస్తూ ఓ టీ డబ్బా పట్టుకొచ్చింది, "కిలోన్నర తగ్గాను, నువ్వూ తాగు" అని ఒకటే పోరు. ముందు వైపేమో డిటాక్స్, స్లిమ్ అని అరచేతంత అక్షరాలు. పదార్థాల జాబితా మాత్రం అడుగున, ఫోన్‌తో ఫొటో తీసి జూమ్ చేస్తే తప్ప కనపడదు. గ్రీన్ టీ తర్వాత రెండో పేరే సెన్నా! బరువు ఎక్కువున్నదే ముందు రాయాలని రూల్, అంటే చిటికెడు కాదన్నమాట.

సెన్నా అంటే మన సునాముఖి ఆకేనండీ, విరేచనాల మందు. రాత్రి తాగితే తెల్లారేసరికి పరుగే. అది పనిచేసేది పెద్దపేగులో, తిన్న పూరీల శక్తంతా అప్పటికే చిన్నపేగులో ఒంటికి పట్టేసి ఉంటుంది, కాబట్టి తగ్గేది నీళ్లూ మలమూ తప్ప కొవ్వు కాదు, కడుపునిండా తిని నీళ్లు తాగితే ఆ కిలోన్నర మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

పైగా నీళ్లతో పాటు పొటాషియమూ పోతుంది. వదినకి రెండు నెలలుగా పిక్కలు పట్టేస్తున్నాయట. ఆ టీ మానేస్తే మోషనే అవట్లేదట, అందుకని ఇప్పుడు రెండు బ్యాగులు వేసుకుంటోంది.