ఏడాది విరామం కోసం దాచిన డబ్బును ఇండెక్స్ ఫండ్‌లో ఎందుకు ఉంచకూడదు

"ఉద్యోగం మానేసి ఏడాది పాటు విరామం తీసుకోవాలంటే లెక్క చాలా సులువు. మీ నెల ఖర్చును 12తో గుణించండి. అంత డబ్బు ఇండెక్స్ ఫండ్‌లో పెట్టి నెలనెలా కావలసినంత అమ్ముకోండి. బ్యాంకులో ఉంచితే ద్రవ్యోల్బణం తినేస్తుంది. మార్కెట్ సగటున ఏడాదికి 10 శాతం ఇస్తుంది కాబట్టి తిరిగి వచ్చేసరికి ఇంకా మిగులుతుంది కూడా. మరీ ఇబ్బందైతే లోన్ ఉండనే ఉంది."

విరామం తీసుకోవాలనుకునేవారికి తరచుగా వినిపించే సలహా ఇది. ఇండెక్స్ ఫండ్ అంటే ఒక షేర్ల సూచీని అనుసరించే ఫండ్. ముందుగా ఆ 10 శాతం సంగతి చూద్దాం, ఎందుకంటే మిగతా సలహా అంతా దాని మీదే నిలబడి ఉంది. అమెరికాలోని దాదాపు 500 పెద్ద కంపెనీల షేర్లతో లెక్కించే ఎస్ అండ్ పీ 500 సూచీని డివిడెండ్లతో కలిపి దశాబ్దాల పాటు లెక్కిస్తే సగటు సుమారు 10 శాతమే వస్తుంది. అందులో తప్పేమీ లేదు. అయితే ఆ సగటు ఎన్నో ఏళ్లను కలిపితే వచ్చింది. విడివిడిగా చూస్తే 2008లో అదే సూచీ 37 శాతం నష్టపోయింది. 2009లో 26 శాతం, 2013లో 32 శాతం లాభం ఇచ్చింది. 2022లో మళ్లీ 18 శాతం నష్టం. 10 శాతానికి దగ్గరగా ముగిసిన సంవత్సరాలు చాలా తక్కువ. ముప్పై ఏళ్లు దాచుకునేవారికి ఆ సగటు పనికొస్తుంది. విరామం తీసుకునేవారికి దొరికేది ఒకే ఒక్క సంవత్సరం, అది ఎలాంటిదో ముందుగా ఎవరికీ తెలియదు.

దానికి తోడు ఆ ఏడాదంతా డబ్బు బయటికి పోతూనే ఉంటుంది. చాలామంది పట్టించుకోనిది ఇదే. నెల ఖర్చు 100 అనుకుందాం. ఏ కరెన్సీ అయినా సరే, మీ నెల ఖర్చునే 100గా తీసుకోండి. చేతిలో 1200 ఉంది, అంతా ఇండెక్స్ ఫండ్‌లో పెట్టారు. మొదటి నెలకు 100 తీశారు, 1100 మిగిలింది. వెంటనే మార్కెట్ 30 శాతం పడి, ఐదు నెలలు అక్కడే ఉండి, ఏడో నెలకల్లా పూర్తిగా పాత ధరకు చేరుకుంది. ఏడాది గడిచాక గ్రాఫ్ చూసినవాళ్లు "ఏమీ కాలేదు, మార్కెట్ కోలుకుంది" అంటారు. ఆ డబ్బుతో బతికిన మనిషి పరిస్థితి వేరు. ధర తగ్గిన ఐదు నెలల్లో 100 చేతికి రావాలంటే, మామూలు ధరలో అయితే 143 పలికే యూనిట్లు అమ్మాలి. ఐదు నెలలకు అలా 714 వెళ్లిపోతుంది. ధర పూర్తిగా కోలుకున్నాక చేతిలో ఉండేది 386. ఏడు, ఎనిమిది, తొమ్మిది నెలలు గడుస్తాయి, పదో నెల ముగియకముందే డబ్బు అయిపోతుంది. మార్కెట్ ఒక్క శాతం కూడా నష్టపోకుండా ఏడాది ముగించినా ఇదే జరుగుతుంది. తక్కువ ధరకు అమ్మేసిన యూనిట్లు తర్వాతి కోలుకోవడంలో పాలు పంచుకోలేవు. ఇక ధర కోలుకోకపోతే తొమ్మిదో నెల కూడా పూర్తిగా గడవదు.

30 శాతం పతనం అనేది ఏదో భయపెట్టడానికి చెప్పిన అంకె కాదు. 2020 ఫిబ్రవరి, మార్చి నెలల్లో అదే సూచీ దాదాపు నెల రోజుల్లో 34 శాతం పడింది. అప్పుడు ఆగస్టుకల్లా కోలుకుంది, సరే. 2007 అక్టోబర్ నుంచి 2009 మార్చి దాకా జరిగిన పతనం సుమారు 57 శాతం, సూచీ తిరిగి పాత స్థాయికి చేరడానికి 2013 దాకా పట్టింది.

నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం దీని తర్వాతిది. మార్కెట్ కుప్పకూలే కాలమూ, కంపెనీలు కొత్తవాళ్లను తీసుకోవడం ఆపేసే కాలమూ తరచుగా ఒకటే అవుతాయి. అమెరికాలో నిరుద్యోగం 2009 అక్టోబర్‌లో 10 శాతానికి చేరింది. 2020 ఏప్రిల్‌లో దాదాపు 15 శాతం అయింది. జీతం ఉన్నవాళ్లకు ఫండ్ పడితే, ఉద్యోగం నిలబడినంత వరకు అది కాగితం మీద నష్టమే. జీతం లేనివాళ్లకు దాచింది కరుగుతుంది, తిరిగి వెళ్లే దారి కూడా అప్పుడే మూసుకుంటుంది. విరామం డబ్బు ఉండేదే ఆ రోజుల కోసం. సరిగ్గా ఆ రోజుల్లోనే తగ్గిపోయే చోట దాన్ని పెట్టమనడం నాకు బాధ్యత లేని సలహాగా కనిపిస్తుంది.

ఇంత రిస్క్ తీసుకుంటే దక్కేది ఎంత? మార్కెట్ మంచి పిల్లాడిలా నెలనెలా సమానంగా పెరిగి 10 శాతం ఇచ్చిందనే అనుకుందాం. 1200 మొత్తం ఏడాది పొడవునా ఫండ్‌లో ఉండదు కదా, నెలకు వంద చొప్పున తగ్గుతూ పోతుంది. సగటున ఉండేది సుమారు సగమే. కాబట్టి లాభం 120 కాదు, 55, 60 మధ్య ఎక్కడో ఉంటుంది. అదే డబ్బు 4 శాతం వడ్డీ వచ్చే డిపాజిట్లలో ఉంటే పాతిక దాకా వస్తుంది. తేడా పది రోజుల ఖర్చు. అంతా అనుకున్నట్టు జరిగితే పది రోజులు ఎక్కువ, జరగకపోతే రెండు నుంచి నాలుగు నెలలు తక్కువ.

ద్రవ్యోల్బణం మాట కూడా ఈ లెక్కతోనే తేలిపోతుంది. ఇరవై ఏళ్లు నిద్రపోయే డబ్బును అది నిజంగానే తినేస్తుంది. ఏడాదిలో ఖర్చైపోయే డబ్బుకు అంత సమయం ఉండదు. ధరలు 6 శాతం పెరిగినా, సగటున సగం మొత్తమే చేతిలో ఉంటుంది కాబట్టి, వడ్డీ ఏమీ రాకపోయినా పోయేది అర నెల ఖర్చు కంటే తక్కువే. వడ్డీ వస్తే అందులో చాలా భాగం పూడిపోతుంది.

"మరి దాచే రోజుల్లోనైనా మార్కెట్ సాయం కావాలి కదా" అని కొందరు అడుగుతారు. గడువు మూడేళ్లే అయితే దాని సాయం చాలా చిన్నది. విరామానికి నిజంగా కావలసింది 1760 అనుకుందాం, ఆ అంకె ఎక్కడిదో కింద చెబుతాను. 36 నెలల్లో అంత పోగు చేయాలంటే 5 శాతం వడ్డీకి నెలకు 45 చొప్పున దాచాలి. ప్రతి ఏటా తప్పకుండా 10 శాతం వచ్చినా నెలకు 42 దాచాల్సిందే. నెలకు 3 దగ్గర ఆదా, అంటే నెల ఖర్చులో 3 శాతం. దానికోసం బయలుదేరాల్సిన ఏడాదే మొత్తం మూడో వంతు తగ్గిపోయే ప్రమాదాన్ని నెత్తిన పెట్టుకోవడం దేనికి? గడువు ఏడెనిమిదేళ్లు ఉంటే సంగతి వేరు. అప్పుడు మొదట్లో ఇండెక్స్ ఫండ్ సబబే. చివరి రెండు మూడేళ్లలో కొంచెం కొంచెంగా తీసి డిపాజిట్లలోకి మార్చాలి. మార్చే తేదీలను ముందే రాసి పెట్టుకోవాలి, లేకపోతే "ఇంకాస్త పెరగనీ" అనే ఆశ చెయ్యి పట్టుకుంటుంది. అలాగే మొత్తం ఆస్తిలో విరామం ఖర్చు ఏ ఇరవయ్యో వంతో అయినవాళ్లకు ఈ టెన్షన్ అక్కర్లేదు, ఎక్కడ పెట్టినా గడుస్తుంది.

పైన 1760 ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి, ఎందుకంటే 12తో గుణించడమే ఆ సలహాలోని రెండో పెద్ద తప్పు. నెల ఖర్చు 100 అని మనసులో ఉన్న అంకెలో ఏడాదికోసారి వచ్చేవి ఉండవు. బీమా ప్రీమియం, వాహనం మరమ్మతు, పెళ్లికో పరామర్శకో ప్రయాణం. గడిచిన 12 నెలల బ్యాంకు స్టేట్‌మెంట్‌లో బయటికి పోయిన మొత్తాన్ని కూడి 12తో భాగిస్తే 100 కాస్తా 110 అయిందనుకుందాం. ఇప్పటిదాకా కంపెనీ కడుతూ వచ్చినవి, ముఖ్యంగా ఆరోగ్య బీమా, ఇకపై మీ మీద పడతాయి. రోజూ ఆఫీసుకు వెళ్లే ఖర్చు తగ్గుతుంది. ఈ రెండూ సరిసమానమనుకుని 110 దగ్గరే ఆగుదాం. ఇక నెలలు. విరామం 12 నెలలే కావచ్చు, ఆదాయం లేని కాలం మాత్రం 12 నెలలు కాదు. ఉద్యోగం వెతకడం, ఇంటర్వ్యూలు, చేరే తేదీ, ఆ తర్వాత నెల పనిచేస్తే గాని రాని మొదటి జీతం. వీటికి నాలుగు నెలలు వేసుకోవడం అతి జాగ్రత్త ఏమీ కాదు. 16 నెలలు, నెలకు 110, మొత్తం 1760. గడిచిన ఏడాది జీతం మీద ఇంకా కట్టాల్సిన పన్ను ఉంటే అది వేరే. ఆసుపత్రి లాంటి అనుకోని ఖర్చులకు పెట్టుకున్న అత్యవసర నిధిని ఈ లెక్కలో కలపకండి. విరామం ఖర్చు ముందే తెలిసింది, అత్యవసరం తెలియనిది.

ఆ 110 నిజమో కాదో తేల్చుకోవడానికి మంచి మార్గం ఒకటుంది. మానేయడానికి ముందే మూడు నెలలు ఆ అంకెతోనే బతికి చూడండి. జీతం వచ్చిన రోజే మిగతాది విరామం ఖాతాకు పంపేయండి. రెండో నెలలోనే వెనక్కి తీసుకోవాల్సి వస్తే లెక్క తప్పని అర్థం. అది జీతం ఉన్నప్పుడే తెలిసింది, సరిదిద్దుకోవచ్చు.

లోన్ విషయం రెండు మాటల్లో ముగిస్తాను. అప్పిచ్చేవాళ్లు ముందుగా అడిగేది జీతం ఆధారం. అది లేని రోజున అప్పు దొరకడం కష్టం, దొరికినా వడ్డీ మండిపోతుంది. ఏదైనా క్రెడిట్ సదుపాయం కావాలంటే ఉద్యోగంలో ఉన్నప్పుడే తీసి, వాడకుండా ఉంచుకోవాలి. ఉన్న అప్పుల ఈఎంఐలు 110లోనే ఉండాలి.

మరి 1760ని ఎక్కడ పెట్టాలి? నాలుగు నెలల ఖర్చు సేవింగ్స్ ఖాతాలో ఉండాలి. మిగతాది నాలుగేసి నెలల ముక్కలు చేసి మూడు డిపాజిట్లు వేయండి. విరామం మొదలైన నాలుగో నెల చివర ఒకటి, ఎనిమిదో నెల చివర ఒకటి, పన్నెండో నెల చివర ఒకటి గడువు తీరేలా చూసుకోండి. ప్రతి బ్యాంకులో డిపాజిట్ బీమా ఎంతవరకు వర్తిస్తుందో చూసి, దాటితే రెండు బ్యాంకుల్లో పంచండి. బాండ్ ఫండ్ భద్రం అని ఎవరైనా చెబితే దాని డ్యూరేషన్ ఎంతో అడగండి. వడ్డీ రేట్లు మారితే ఫండ్ విలువ ఎంత కదులుతుందో చెప్పే కొలత అది, ఏళ్లలో చెబుతారు. డ్యూరేషన్ ఆరేళ్లు ఉన్న ఫండ్, వడ్డీ రేట్లు 2 శాతం పాయింట్లు పెరిగితే, సుమారు 12 శాతం పడుతుంది. 2022లో షేర్లతో పాటు బాండ్ ఫండ్లు కూడా పడింది ఇలాగే. ఈ పనికి డ్యూరేషన్ ఏడాది లోపు ఉన్నవే సరిపోతాయి.

తిరిగి ఉద్యోగం వెతకడం ఎప్పుడు మొదలుపెట్టాలో క్యాలెండర్‌ను బట్టి కాకుండా ఖాతాను బట్టి నిర్ణయించుకోండి. అన్నీ కలిపి మిగిలింది 550కి, అంటే ఐదు నెలల ఖర్చుకు తగ్గిన రోజున దరఖాస్తులు మొదలవ్వాలి. లెక్క ప్రకారం సాగితే అది పదకొండో నెల ముగింపులో వస్తుంది. ఖర్చు ఎక్కువైతే తొమ్మిదో నెలలోనే రావచ్చు. అప్పుడు విరామం కాస్త ముందుగా ముగుస్తుంది, చేతిలో మాత్రం ఇంకా 550 ఉంటుంది.