ఎనిమిది శాతం అలవాటు

ప్రభుత్వ శాఖ బడ్జెట్‌లో నిరుటి అంకెకు ఎనిమిది శాతం కలిపితే కొత్త పద్దు సిద్ధం. ఇదే వరస సాగితే తొమ్మిదేళ్లలో శాఖ కేటాయింపు రెట్టింపవుతుంది. ఆ తొమ్మిదేళ్లలో శాఖ పని పెరిగిందా, తగ్గిందా అని అడిగేవారుండరు. డబ్బు మిగిలితే కోత పడుతుందన్న భయంతో ఆర్థిక సంవత్సరం చివరి నెలలో కుర్చీలు, కంప్యూటర్లు ఎడాపెడా కొనేస్తారు. ఆ నెల ఖర్చు మిగతా నెలల సగటుకు ఎన్ని రెట్లుందో చూస్తే చాలు, జబ్బు ఎంత ముదిరిందో తెలిసిపోతుంది.

ఇలాంటి శాఖకు శూన్యాధారిత బడ్జెట్ పెట్టాల్సిందే, అంటే నిరుటి అంకెను పక్కనపెట్టి ప్రతి ఖర్చునూ సున్నా నుంచి సమర్థించుకోమనాలి. అయితే అన్ని పద్దులకూ ఒకేసారి వద్దు. జీతాలు, పింఛన్లు, ఇప్పటికే కుదిరిన ఒప్పందాల చెల్లింపులు ఈ ఏడాదికి ఎలాగూ కదలవు. వాటినీ సున్నా నుంచి సమర్థించుకోమంటే కాగితాలు పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో 1970ల ఆరంభంలో గవర్నర్ జిమ్మీ కార్టర్ ఈ పద్ధతి తెచ్చినప్పుడు వేల సంఖ్యలో ప్రతిపాదనలు వచ్చిపడ్డాయి. అన్నింటినీ శ్రద్ధగా చదవడం ఏ గవర్నర్‌కు సాధ్యం? అధ్యక్షుడయ్యాక 1977లో ఆయన దీన్ని ఫెడరల్ శాఖలకు విస్తరించారు. 1981లో రీగన్ ప్రభుత్వం ఎత్తేసింది.

కదిలే పద్దు ఒక్కటి తీసుకుందాం. తనిఖీలు చేసే ఒక శాఖ 30 అద్దె వాహనాలు నడుపుతోందనుకోండి. ఏటా అద్దెలు పెరిగాయన్న మాటే తప్ప 30 ఎందుకన్న ప్రశ్న రాలేదు. సున్నా నుంచి మొదలుపెడితే శాఖ మూడు ప్యాకేజీలు రాసివ్వాలి. చట్టం తప్పనిసరి చేసిన తనిఖీలకు 12 వాహనాలు. ఫిర్యాదు అందిన నెలకు కాకుండా పది రోజులకే తనిఖీ జరగాలంటే మరో 8. అధికారుల రాకపోకలకు మిగిలిన 10. ప్రతి ప్యాకేజీకి ఖర్చెంత, ఇవ్వకపోతే ఆగిపోయే పని ఏది అన్నది పక్కనే ఉండాలి. లాగ్‌బుక్కులు తెప్పించి సరిచూస్తే మాటకూ నడిచిన కిలోమీటర్లకూ పొంతన ఉందో లేదో తేలుతుంది.

మోసం జరిగేది ప్రాధాన్యక్రమం దగ్గర. అనుభవమున్న అధికారి తన కారును జాబితాలో పైన పెట్టి, చట్టబద్ధ తనిఖీలను అట్టడుగుకు నెడతాడు. వాటిని కాదనే ధైర్యం ఎవరికీ ఉండదని ఆయనకు తెలుసు! పని నడవడానికి కనీసం ఎంత కావాలంటే ప్రస్తుత ఖర్చులో 95 శాతమని రాసిచ్చే శాఖలూ ఉంటాయి. అలా వచ్చిన ఫైలును చదవకుండానే తిప్పి పంపాలి. క్రమం నిర్ణయించే కమిటీలో ఆర్థిక శాఖతో పాటు, ఆ తనిఖీలపై ఆధారపడిన విభాగాల వారికీ చోటుండాలి.

ఏటా మూడో వంతు పద్దులను ఇలా పరీక్షిస్తే మూడేళ్లలో ఒక చుట్టు పూర్తవుతుంది. మిగిలిన సొమ్ములో కొంత భాగాన్ని శాఖే వాడుకునేలా ముందుగానే ఉత్తర్వు ఇవ్వాలి. లేకుంటే 10 వాహనాలు అక్కర్లేదని ఒప్పుకొనే అధికారి ఒక్కడూ దొరకడు.