వీక్‌గా ఉన్నది కరెంట్ చాప్టరా, భిన్నాలా?

వైజాగ్‌లో గాజువాక వెళ్ళినా మధురవాడ వెళ్ళినా పరీక్ష పేపర్లు దిద్దాక జరిగేది ఒకటే. టోటల్ మార్కులతో లిస్టు తయారవుద్ది, కింద నుంచి ఓ పది పదకొండు మంది పేర్ల కింద రెడ్ ఇంక్ గీత పడుద్ది, సాయంత్రం స్టడీ అవర్‌లో వాళ్ళని కూర్చోబెట్టి అదే చాప్టర్ మళ్ళీ మొదటి పేజీ నుంచి చెప్తారు. ప్రైవేట్ స్కూళ్ళలో అయితే దానికి తోడు ర్యాంకు పేరెంట్స్ వాట్సాప్‌కి పోతుంది. ఏ పిల్లోడు ఏ ప్రశ్నకి ఏ తప్పు ఆప్షన్ పెట్టాడు అన్నది మాత్రం ఎక్కడా రాసుకోరు, ఆన్సర్ షీట్లు కట్ట కట్టి బీరువాలో పెట్టేస్తారు. నా లెక్కలో అసలు సమాచారం అంతా ఆ కట్టలోనే ఉంది.

బీఈడీలో అంశ విశ్లేషణ అని, ఒక్కో ప్రశ్నకి ఎవరు ఏం పెట్టారో చూసే పద్ధతి, అందరం చదువుకున్నదే, పరీక్ష రాసి మర్చిపోయిందే. ఒక ఉదాహరణ లెక్క వేసి చూద్దాం. టెన్త్ క్లాస్, 40 మంది ఉన్న సెక్షన్, విద్యుత్ చాప్టర్ మీద స్లిప్ టెస్ట్. ప్రశ్న ఇది: 2 ఓమ్, 3 ఓమ్ నిరోధాల్ని సమాంతరంగా కలిపితే ఫలిత నిరోధం ఎంత? ఆప్షన్లు ఎ) 5 ఓమ్, బి) 5/6 ఓమ్, సి) 2.5 ఓమ్, డి) 1.2 ఓమ్. 1/2 ప్లస్ 1/3 చేస్తే 5/6, దాన్ని తిరగేస్తే 6/5, కాబట్టి కరెక్ట్ ఆన్సర్ డి. ఎ 6గురు, బి 5గురు, సి 15 మంది, డి 14 మంది పెట్టారు అనుకోండి.

40లో 14 అంటే 0.35, దీన్నే డిఫికల్టీ ఇండెక్స్ అంటారు, పేరు డిఫికల్టీ అయినా నంబర్ పెరిగే కొద్దీ ప్రశ్న ఈజీ అని అర్థం. నాలుగు ఆప్షన్ల ప్రశ్నలో కళ్ళు మూసుకుని టిక్ పెట్టినా 0.25 వస్తుంది కాబట్టి 0.35 ఏం గొప్ప కాదు. తర్వాత టోటల్ మార్కుల్లో పైనున్న 27 శాతాన్ని, కిందున్న 27 శాతాన్ని విడదీయాలి, ఈ 27 అంకె అమెరికన్ సైకాలజిస్ట్ ట్రూమన్ కెల్లీ 1939లో చూపించిన లెక్క. మన సెక్షన్‌లో అటు 11, ఇటు 11. పైవాళ్ళలో 8 మంది, కిందివాళ్ళలో ఒక్కరు కరెక్ట్ చేశారు. 8లోంచి 1 తీసేసి 11తో భాగిస్తే 0.64, అంటే ప్రశ్న బాగానే ఉంది, వచ్చినోళ్ళనీ రానోళ్ళనీ సరిగ్గానే వేరు చేస్తోంది. చాలామంది ఇక్కడితో ఆపేసి "సమాంతర సంధానం వీక్, రీటీచ్" అని రాసేస్తారు. పప్పులో కాలేసేది ఇక్కడే.

ఎందుకంటే మూడు తప్పు ఆప్షన్లూ మూడు వేరే వేరే రోగాలు. 5 పెట్టినవాడు 2కి 3 కలిపేశాడు, వాడికి శ్రేణికీ సమాంతరానికీ తేడా తెలీదు. 5/6 పెట్టినవాడు 1/2 ప్లస్ 1/3 కరెక్ట్‌గానే చేశాడు గానీ చివర్లో తిరగెయ్యడం మర్చిపోయాడు. 2.5 పెట్టినవాడు తిరగేశాడు, ఫార్ములా కూడా వచ్చు, కానీ 1/2 ప్లస్ 1/3 అంటే పైవి పైవి, కిందివి కిందివి కూడేసి 2/5 అన్నాడు. అంటే 15 మందికి రానిది కరెంట్ కాదు, సిక్స్త్ క్లాస్ లెక్క! వాళ్ళకి కరెంట్ చాప్టర్ ఇంకో నాలుగుసార్లు చెప్పినా ఐదోసారి కూడా 2.5 ఏ పెడతారు.

నిజంగా భిన్నాలేనా, లేక గుడ్డిగా టిక్ పెట్టారా అని అనుమానం రావచ్చు, రావాలి కూడా, ఒక్క ప్రశ్న మీద తీర్పు ఇవ్వకూడదు. భిన్నాలు పడే ఇంకో ప్రశ్న చూడాలి, కాంతి చాప్టర్‌లో కటక సూత్రం లెక్క ఉంటుంది కదా, అది. ఎక్సెల్ షీట్‌లో ఈ ప్రశ్న ఆప్షన్లు A, B, C, Dగా F కాలమ్‌లో, కటకం ప్రశ్న 1 లేదా 0గా M కాలమ్‌లో ఎక్కించుకుంటే ఒక్క లైన్ చాలు:

```
=COUNTIFS(F2:F41,"C",M2:M41,0)
```

2.5 పెట్టి, కటకం లెక్క కూడా తప్పు చేసినవాళ్ళు ఎంతమందో వస్తుంది. 15లో 12 వచ్చింది, మిగతా 25 మందిలో అది తప్పింది 9 మందికే అనుకోండి, అనుమానం చాలావరకు తీరినట్టే. ఇంకా గట్టిగా తెలియాలంటే ముగ్గుర్ని పిలిచి కాగితం మీద 1/2 ప్లస్ 1/3 చెయ్యమనండి, రెండు నిమిషాల పని.

నన్ను అడిగితే ఇంతకన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. ఆ 15 మంది టోటల్ లిస్టులో ఎక్కడున్నారు? మన ఉదాహరణలో కింది 11లో ఐదుగురు, పై 11లో ఒకడు, మధ్యలో తొమ్మిది మంది. అంటే రెడ్ ఇంక్ గీసిన 11 మందినే స్టడీ అవర్‌లో కూర్చోబెడితే భిన్నాలు రాని 15 మందిలో 10 మంది ఇంటికెళ్ళిపోతారు, భిన్నాలతో సమస్య లేని ఆరుగురు అక్కడ కూర్చుని గోళ్ళు గిల్లుకుంటారు. అందుకే గ్రూపు టోటల్ బట్టి కాదు, తప్పు బట్టి కట్టాలి.

15 మందికి రెండు పీరియడ్లు భిన్నాలు, అదీ కసాగు రూల్‌తో మొదలెట్టకుండా. 2/5 అంటే 0.4, సగానికి ఇంకోటి కలిపితే సగం కన్నా తగ్గుద్దా అని అడిగితే వాళ్ళకే తేడా కొడుతుంది, అప్పుడు కసాగు. ఎ పెట్టిన ఆరుగురికి లెక్కలొద్దు, బ్యాటరీ, అమ్మీటర్, రెండు నిరోధాలు ఇచ్చి రెండోది పక్కన కలిపితే కరెంట్ పెరగడం చూపించాలి, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో రెండో టికెట్ కౌంటర్ తెరిస్తే జనం త్వరగా కదిలినట్టు అని చెప్తే పట్టుకుంటారు. బి పెట్టిన ఐదుగురికి క్లాసే అక్కర్లేదు, ఐదు నిమిషాలు చాలు. అయితే వాళ్ళకి "ఫలితం చిన్న నిరోధం కన్నా తక్కువుండాలి" అనే చెక్ పనిచెయ్యదు, 5/6 కూడా 2 కన్నా తక్కువే కాబట్టి. రెండు 2 ఓమ్‌లు సమాంతరంగా పెడితే 1 వస్తుంది, ఇక్కడ ఒకటి 3 కాబట్టి 1 కన్నా ఎక్కువే రావాలి, ఈ చెక్ నేర్పాలి.

ఇంకో సంగతి, కొన్నిసార్లు వీక్‌గా ఉండేది పిల్లలు కాదు, ప్రశ్న. "బల్బు ఎక్కువ వెలగాలంటే ఫిలమెంట్ నిరోధం ఎక్కువుండాలా తక్కువుండాలా" అని అదే పేపర్లో ఇచ్చారనుకోండి, కీ "ఎక్కువ". వోల్టేజ్ మారదనుకుంటే తక్కువ, కరెంట్ మారదనుకుంటే ఎక్కువ, ప్రశ్నలో ఏదీ చెప్పలేదు. బాగా చదివినోడు ఇంట్లో బల్బు వోల్టేజ్ మారదు కదా అని "తక్కువ" పెడతాడు. పైవాళ్ళలో నలుగురు, కిందివాళ్ళలో ఆరుగురు కరెక్ట్ అయితే ఇందాకటి తీసివేత, భాగహారం లెక్కలో మైనస్ 0.18 వస్తుంది. మైనస్ కనిపించిందంటే ముందు కీ, తర్వాత ప్రశ్న వాక్యం చూడాలి, రీటీచింగ్ గొడవ ఆ తర్వాతే. అలాగని చిన్న తేడాలకి కంగారు పడక్కర్లేదు, 11 మంది గ్రూపులో ఒక్క పిల్లోడు మారితేనే 0.09 అటూ ఇటూ అవుద్ది.

మళ్ళీ టెస్ట్ పెట్టేటప్పుడు అదే ప్రశ్న ఇవ్వకండి, 1.2 అని బట్టీ పట్టేసి ఉంటారు. 3 ఓమ్, 6 ఓమ్ ఇవ్వండి, ఆప్షన్లు 9, 0.5, 4.5, 2. పాత తప్పులు మూడూ ఇందులో కూడా ఉన్నాయి, కాబట్టి 15 మందిలో 4.5 దగ్గర ఇంకా ఎంతమంది మిగిలారో నేరుగా లెక్కపెట్టుకోవచ్చు. ఒకసారి వెంటనే, ఇంకోసారి రెండు మూడు వారాలు ఆగి పెట్టాలి, ఎందుకంటే భిన్నాలు రెండ్రోజులు గుర్తుండి మళ్ళీ పైవి పైవి, కిందివి కిందివి కూడే పాత అలవాటుకే వెళ్ళిపోయే పిల్లలు ఇద్దరు ముగ్గురైనా తేలతారు.