పేరు, తేదీ లేకున్నా క్యాప్షన్ ముద్దుగానే ఉంటుంది

“మొదటి పుట్టినరోజు పోస్టులో పాప పూర్తి పేరు, పుట్టిన తేదీ, టైమ్, ఆసుపత్రి అన్నీ రాస్తేనే అది జ్ఞాపకంగా మిగులుతుంది. అవి లేకపోతే క్యాప్షన్ చప్పగా ఉంటుంది. అకౌంట్ ప్రైవేట్‌లో పెట్టుకుంటే ఇక భయమేం లేదు.” పిల్లల ఫొటోలు పోస్ట్ చేసేవాళ్లు అనే మాట ఇది.

చప్పదనం సంగతి ముందు చూద్దాం. “మా ఫలానా పాపకి ఈ రోజుతో ఏడాది నిండింది. పోయినేడు ఇదే రోజు ఉదయం 6:40కి ఫలానా ఆసుపత్రిలో పుట్టింది.” ఇందులో పాప ఎక్కడుంది? పేరు మారిస్తే ఏ పిల్లకైనా సరిపోతుంది. ఇప్పుడిది చదవండి: “నిద్ర లేవగానే ముందు ఫ్యాన్‌ని పలకరిస్తుంది, ఆ తర్వాతే మమ్మల్ని. ఏడాదిగా మాది రెండో స్థానమే, అయినా హాయిగా ఉన్నాం.” పేరు లేదు, తేదీ లేదు, ఊరు లేదు. అయినా పాప కళ్లముందు కనిపిస్తుంది. ముద్దు వచ్చేది ఆ పిల్లకే ఉన్న ఒక అలవాటు నుంచి. కాకపోతే స్నానం, డైపర్ ముచ్చట్లు వద్దు. పెద్దయ్యాక తనే చదువుకుని సిగ్గుపడే మాట ఇప్పుడు మనం రాయకూడదు.

జ్ఞాపకానికైతే టైమ్, బరువు, ఆసుపత్రి వివరాలు ఇంట్లో ఆల్బమ్ వెనక రాసుకోండి. అవి జీవితాంతం మారని వివరాలు. పాస్‌వర్డ్ అయితే మార్చుకోవచ్చు, పుట్టిన తేదీని మార్చుకోలేం. పూర్తి పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు ఒకే పోస్టులో దొరికితే రేపు ఆ పిల్ల పేరుతో మోసం చేసేవాడికి సగం పని అయిపోయినట్టే. తేదీ రాయకపోయినా, సరిగ్గా పుట్టినరోజు నాడే “ఈ రోజుతో ఏడాది” అంటే రోజు, నెల, సంవత్సరం మూడూ చెప్పేసినట్టే. నాలుగైదు రోజులు ఆగి “ఏడాది పిల్ల అయిపోయింది” అంటే అందులో మాధుర్యం ఏమీ తగ్గదు. ఇంట్లో పిలిచే ముద్దుపేరు కూడా రాయకపోవడమే మేలు. ఆ పేరుతో ఎవరు పిలిచినా పిల్ల తిరిగి చూస్తుంది. “మా బుజ్జిది” అంటే చాలు.

ప్రైవేట్ అకౌంట్ మంచిదే, కానీ అది స్క్రీన్‌షాట్‌ను ఆపలేదు. ఫొటో కూడా మాట్లాడుతుంది: కేక్ మీద పేరు, వెనక బ్యానర్ మీద తేదీ, తలుపు పక్కన ఇంటి నంబర్. పోస్ట్ చేసే ముందు జూమ్ చేసి మూలమూలా చూసి, కనిపించినవి క్రాప్ చేయండి. లొకేషన్ పెట్టకండి.

అసలు చాలాసార్లు గుట్టు బయటపడేది కామెంట్లలో. మనం ఎంత జాగ్రత్తగా రాసినా, పెద్దమ్మ ప్రేమగా పూర్తి పేరుతో, తేదీతో దీవిస్తుంది. అందుకే పోస్ట్ చేసే ముందే ఫ్యామిలీ గ్రూపులో “దీవెనలు పెట్టండి, పేరు మాత్రం రాయకండి” అని ఒక్క మాట చెప్పండి. ఎవరైనా రాసేస్తే కామెంట్ తీసేసి, ఫోన్ చేసి ఎందుకు తీశారో చెప్పండి. తర్వాత మీ ప్రొఫైల్‌లో కిందికి వెళ్లి, పాప పుట్టినప్పుడు పెట్టిన పోస్టు కూడా చూడండి. తేదీ, ఆసుపత్రి అక్కడ ఇంకా ఉండే ఉంటాయి.